పరదాలమ్మ జాయింటు ఖాతా

మా ఆవిడకి కోపం వస్తే తను మాట్లాడదు, కుట్టుమిషను మాట్లాడుతుంది. ఆ రోజు పొద్దున్నే నేను కొట్టుకి బయల్దేరుతుంటే లోపలి గదిలో మిషను ఎడాపెడా అరుస్తోంది. ఎందుకైనా మంచిదని గుమ్మంలోనే నిలబడి నా తప్పులన్నీ ఓసారి తలచుకున్నాను. మూడు దొరికాయి గానీ, ఏదీ అంత మోతకి సరిపోయేది కాదు. చివరికి మిషను ఆపి ఫోను నా ముఖం మీదికి తోసింది. బ్యాంకు నుంచి సందేశం.

సంగతేమిటంటే, పళ్ళ డాక్టరు గారి గదులకి ఆవిడ కొత్త పరదాలు కుట్టి ఇచ్చింది. ఆయన పాపం మంచివాడు, వెంటనే డబ్బు పంపాడు. కాకపోతే ఎప్పటిదో పాత బిల్లు ఆయన సొరుగులో ఉండిపోయింది. దాని మీదున్న ఖాతాకి పంపాడు. ఆ ఖాతా ఒకటుందని మేమే మరిచిపోయాం. అందులో కొన్నేళ్ళుగా సున్నా తప్ప ఏమీ లేదు. డబ్బు అలా పడిందో లేదో, కనీస నిల్వ లేనందుకు ఇన్నాళ్ళ ఛార్జీలంటూ బ్యాంకు సగానికి పైగా లాగేసుకుంది. నెల రోజులు మెడ వంచి చేసిన పని అది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారే, అలా అయింది మా డాక్టరు గారి వ్యవహారం.

మా వీధిలో ఆవిణ్ణి పేరుతో ఎవరూ పిలవరు, పరదాలమ్మ అంటారు. జాకెట్లు కుట్టదు, పిల్లల గౌన్లు కుట్టదు. "మనుషులు లావవుతారు, సన్నమవుతారు, మళ్ళీ మన మీదే పడతారు. కిటికీ అలా కాదు, నిలబడ్డచోటే నిలబడుతుంది" అనేది ఆవిడ సిద్ధాంతం. కట్టుకున్న కొత్తలో మా ఇంటి కిటికీకి పాత దుప్పటి ఒకటి చించి పరదా కుట్టింది. అది చూసి పక్కింటివాళ్ళు, వాళ్ళది చూసి ఎదురింటివాళ్ళు. నేను కొట్టులో కాలిపోయిన పంపు, ఫ్యాను మోటార్లకి తీగ చుట్టుకునేవాణ్ణి. నా సంపాదన వానాకాలం ఒకలా, ఎండాకాలం ఒకలా ఉంటుంది. ఆ ఒడిదుడుకుల్లో ఇల్లు తలకిందులు కాకుండా ఆపింది ఆ దుప్పటి ముక్కే. ఈ మాట ఆవిడ ముందు అనను. అంటే కూరలో ఉప్పు ఎక్కువైందని నేను అన్నప్పుడల్లా అదే మాట నాకు తిప్పి కొడుతుంది.

ఇక ఆ ఖాతా కథ. అది ఇద్దరి పేర్ల మీద ఉన్న ఖాతా. రెండో పేరు మా అక్కది. అక్కకి నేనొక్కణ్ణే తమ్ముణ్ణి. బావ పోయాక మా ఇంటికే వచ్చేసింది. సాధారణంగా ఆడపడుచు ఇంట్లో ఉంటే పొయ్యి మీద పాలు పొంగినట్టే ఉంటుందని లోకం భయపెడుతుంది. మా ఇంట్లో మాత్రం వదినామరదళ్ళు ఒకటై నన్ను పొంగించేవారు. అక్క టేపు మెడలో వేసుకుని ఇళ్ళ వెంట తిరిగి కిటికీల కొలతలు తెచ్చేది, మా ఆవిడ కత్తిరించి కుట్టేది. పెద్ద మిషను కొనాలని ఇద్దరూ కలిసి ఖాతా తెరిచారు. ఎవరు వెళ్ళినా డబ్బు తీసుకునేలా రాయించుకున్నారు. ఆ రోజు బ్యాంకు నుంచి వస్తూ దారంతా ఒకటే నవ్వు ఇద్దరూ. నన్ను చూసి ఇంకాస్త నవ్వారు. ఎందుకో ఇప్పటికీ చెప్పలేదు.

తరవాత ఒక లాడ్జి పని వచ్చింది. గదులన్నిటికీ పరదాలు. అంత పెద్ద పని అంతకు ముందు ఎప్పుడూ రాలేదు. అక్క కొలతలు తెచ్చి కాగితం బల్ల మీద పెడుతూ, "అంతా కలిపే రాశానమ్మాయ్" అంది. పరదాకి పైన కడ్డీ దూర్చడానికో మడత, కింద బరువుకో మడత ఉంటాయి. ఆ మడతలకి కావలసిన గుడ్డ కిటికీ కొలతకి కలుపుకోవాలి. ఎప్పుడూ కలిపేది మా ఆవిడే. కానీ అక్క "అంతా కలిపి" అనేసరికి, మడతలు కూడా కలిపేసిందనుకుంది. అక్క అన్నది వేరు. పై అంతస్తు, కింది అంతస్తు కలిపి ఒకే కాగితం మీద రాశానని. ఇంతే. ఒక్క మాట.

పరదాలన్నీ జానెడు పొట్టి. "మీ పరదాలు నిక్కర్లేసుకొచ్చాయేంటమ్మా?" అన్నాడు లాడ్జి ఆసామి. గుడ్డంతా మళ్ళీ కొని మళ్ళీ కుట్టడానికి ఖాతాలో ఉన్నదంతా ఊడ్చేశారు. పెద్ద మిషను కల అక్కడితో గుండుసున్నా. డబ్బు పోయిందని కాదు వాళ్ళ గొడవ. "నేను చెప్పాను" అని ఒకరు, "నువ్వు చెప్పింది అది కాదు" అని ఒకరు. రెండూ నిజమే, అందుకే తెగలేదు. నేను అడకత్తెరలో పోకచెక్కని. అటు అక్క, ఇటు ఆవిడ. నోరు తెరిస్తే నలుగుతాను, తెరవకపోయినా నలుగుతాను. ఒక రోజు అక్క తన పెట్టె సర్దుకుని పెద్దాసుపత్రిలో దుప్పట్ల గదికి పనికి చేరి, దగ్గర్లోనే ఒక గది తీసుకుంది. ఊరు ఒకటే. కానీ ఆ తరవాత ఆవిడ మా గడప తొక్కలేదు, ఈవిడ ఆ వీధి మలుపు తిరగలేదు. ఇంట్లో అక్క ప్రస్తావన వస్తే "ఆవిడ" అనేది మా ఆవిడ. వదిన అన్న మాట ఇంట్లోంచి వెళ్ళిపోయింది. దాంతో పాటు ఆ నవ్వు కూడా పోయింది. నాకు నిజంగా బాధేసింది అప్పుడే.

సరే, బ్యాంకుకి వెళ్ళాం. కౌంటరులో ఉన్న గుమస్తా పిల్ల ఓపిగ్గా చెప్పింది. ఛార్జీలున్నంత మాత్రాన ఖాతాని సున్నా కిందికి దింపరట, కానీ వసూలు కావలసినవిగా పక్కన నిలబడి ఉంటాయట, డబ్బు పడగానే పట్టుకుంటాయట. మళ్ళీ ఎవరైనా పొరపాటున డబ్బు వేస్తే మళ్ళీ ఇదే తంతు కాకుండా మూసెయ్యడమే మంచిదంది. మూయడానికి ఫారం, పాసుపుస్తకం, మిగిలిన చెక్కులు, గుర్తింపు కాగితాలు కావాలి. ఛార్జీలు మాఫీ చెయ్యమని మేనేజరు గారికి విడిగా అర్జీ రాసి ఫారానికి జతచెయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యం, రెండు సంతకాలూ ఉండాలి. తీసుకోవడానికి ఒకరు చాలు గానీ, మూయడానికి ఇద్దరూ ఒప్పుకోవాలి.

"మేమిద్దరం క్లోజ్ కాదమ్మా. అందుకే క్లోజ్ చెయ్యమంటున్నాం" అంది మా ఆవిడ. గుమస్తా పిల్ల నవ్వాపుకోలేక కంప్యూటరు వెనక్కి తల దించుకుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అర్జీ నేను రాస్తానన్నాను. నా రాత చూస్తే ఉన్న ఖాతాలు కూడా పోతాయంది. తనే కూర్చుంది, కత్తిరించే బల్ల మీద, గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క పక్కన పెట్టుకుని. మేనేజరు ఆడమనిషని గుమస్తా చెప్పింది కాబట్టి "అమ్మా" అని మొదలుపెట్టింది. ఖాతా నంబరు ఫారంలో ఉంది కదా అని ఉత్తరంలో వెయ్యలేదు. బ్యాంకు పేరూ వెయ్యలేదు. బ్యాంకుకే ఇచ్చేదానికి బ్యాంకు పేరెందుకట. కొట్టివేతలు లేకుండా, ఒక్క ఊపులో ఇలా రాసింది:

"అమ్మా, నమస్కారం. మన సంబంధం చాలా ఏళ్ళది. బాగున్నన్నాళ్ళు బాగానే ఉంది. మధ్యలో మాట తేడా వచ్చి నేను మీ వైపు రావడం మానేశాను. ఇంకేమీ మిగల్లేదు కదా, వదిలేస్తే అదే పోతుందనుకున్నాను. వదిలేసింది పోలేదు, పెరిగింది. ఇన్నాళ్ళూ పట్టించుకోకపోవడం నా తప్పే. పెద్దమనసు చేసుకుని పాత బాకీలన్నీ మాఫీ చేసి, నన్ను మన్నించగలరు. ఇక దీన్ని ఇంతటితో ముగిద్దాం."

కింద సంతకం. దాని పక్కన అక్క సంతకానికి ఖాళీ. చదివి బాగుందన్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది, ఇంకేమంటాను? ఫారమూ ఉత్తరమూ మడిచి జేబులో పెట్టుకుని ఆసుపత్రికి పోయాను.

దుప్పట్ల గదిలో అక్క ఉతికి వచ్చిన దుప్పట్లు మంచాల వారీగా దొంతర్లు పెడుతోంది. తల పూర్తిగా నెరిసింది. మెడలో మాత్రం ఆ టేపు అలాగే ఉంది. ఇక్కడ కొలవడానికేముందని అడిగితే, లేకపోతే మెడకి చలేస్తుందంది. కాగితాలు చేతికిచ్చి, సంతకాలు పెట్టాలక్కా, చదువు అన్నాను. ఇంతలో నెత్తి మీద ఫ్యాను కీచుమంటోంది. మోటారు చుట్టేవాడికి ఆ చప్పుడు వింటే చేతులు ఊరుకోవు కదా. స్విచ్చి ఆపి, బల్ల ఎక్కి రెక్కలు పట్టుకు చూస్తున్నాను. దిగి చూద్దును కదా, అక్క ఉత్తరం ఒళ్ళో పెట్టుకుని, కొత్తగా ఉతికిన దుప్పటి చెంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

"ఎంత బాగా రాసిందిరా" అంది. "పెద్దదాన్ని, నేను రాయాల్సింది. అది రాసింది. అంతా కలిపి అన్నది నేనే కదరా. దానికెలా తెలుస్తుంది?"

అక్కా, అది బ్యాంకు మేనేజరుకి రాసిన అర్జీ అని నాలిక చివరి దాకా వచ్చింది. ఇన్నేళ్ళలో నేను చూడని ముఖం అక్కది అప్పుడు. చిన్నప్పుడు నాకు జ్వరం తగ్గిన పొద్దున అలా ఉండేది. నోరు కుట్టేసుకున్నాను. ఉత్తరం మడిచి చేతిసంచిలో అడుక్కి పెట్టుకుంది. ఫారం మీద సంతకం మాత్రం పెట్టలేదు. మీ ఆవిడ ఎదురుగానే పెడతాను, రేపు బ్యాంకుకి వస్తానని చెప్పు అంది.

ఇంటికొచ్చి, అక్క స్వయంగా వస్తానందని మాత్రం చెప్పాను. ఉత్తరం ఏదంటే అక్క దగ్గరే ఉందన్నాను. మా ఆవిడ కాసేపు సూదిలో దారం ఎక్కించడానికి ప్రయత్నించి, ఎక్కక, "వస్తే రానీ" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బ్యాంకులో బండారం బయటపడితే అక్క ముఖం ఏమవుతుంది? ఇంతకాలం పలకరింపు లేదు గానీ పగ కూడా లేదు. నలుగురి ముందు ఆ ఉత్తరం తనకి రాసింది కాదని తెలిస్తే అది అవమానం. ఇక తమ్ముడి ముఖం కూడా చూడదు. పోనీ మా ఆవిడకి ముందే చెబుదామా అంటే, చెప్పి మాట్లాడించిన మాట మాటే కాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మర్నాడు బ్యాంకులో అక్క మాకంటే ముందే వచ్చి బెంచీ మీద కూర్చుని ఉంది. మడత నలగని ఇస్త్రీ చీర కట్టుకుంది. మా ఆవిణ్ణి చూసి లేచి నిలబడింది, చిన్నగా నవ్వింది. మా ఆవిడ, "బాగున్నారా" అంది. మీరు అంది. ఒకప్పుడు నువ్వే. అక్క నవ్వు కొంచెం తగ్గింది, అయినా పూర్తిగా పోలేదు.

మేనేజరమ్మ లోపలికి పిలిచింది. నాకు చెల్లెలయ్యే వయసుంటుంది. కంప్యూటరులో ఖాతా తెరిచి చూసి, పాసుపుస్తకం తిప్పి, కనుబొమలు ముడిచింది. ఖాతాదారులు రెండేళ్ళకు పైగా ముట్టుకోని ఖాతా నిద్రపోతున్నట్టు లెక్క, దాని మీద కనీస నిల్వ ఛార్జీలు వెయ్యకూడదు, దీనికి ఆ గుర్తు పడకపోవడం తమ పొరపాటే అంది. ఆ భాగం ఎలాగూ వెనక్కి రావాల్సిందే. దానికి ముందున్నవి మాత్రం నియమం ప్రకారం పడ్డవే, వాటి మాఫీకి అర్జీ ఉంటే తను సిఫారసు రాసి పైఆఫీసుకి పంపుతుందట. అంతా వచ్చాక ఆ మొత్తంతో సహా తేల్చి ఖాతా మూస్తారట. ఈ రోజు ఇద్దరూ సంతకాలు పెట్టేస్తే మళ్ళీ రానక్కర్లేదు. ఫారంలో మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయి. "మాఫీ అర్జీ ఏది?" అని అడిగింది.

"మీకే రాశానమ్మా. ఆవిడ దగ్గరుంది" అంది మా ఆవిడ.

అక్క చేతిసంచి మీద చెయ్యి వేసింది. తియ్యలేదు. మేనేజరు వైపు చూసింది, మరదలి వైపు చూసింది, చివరికి నా వైపు చూసింది. నేను నేల మీది పలకలు లెక్కపెట్టుకుంటున్నాను. అక్కకి అర్థమైపోయింది. మెల్లగా సంచిలోంచి ఉత్తరం తీసి బల్ల మీద పెట్టింది. నాలుగు మడతలు ఎనిమిది మడతలయ్యాయి. ఎన్నిసార్లు విప్పి చదువుకుందో.

మేనేజరమ్మ చదివింది. మళ్ళీ మొదటికి వెళ్ళి చదివింది. "ఇందులో ఖాతా నంబరు లేదేంటమ్మా? ఇది బ్యాంకుకి రాసినట్టే లేదు" అంది.

"నాకనుకున్నాను" అంది అక్క. "నాకు రాసిందనుకుని చదువుకున్నాను. ఏమీ అనుకోకండి. పెద్దదాన్నయిపోయాను, తెలియలేదు." పెన్ను కోసం బల్ల మీద తడుముకుంది. సంతకం పెట్టేసి లేచి వెళ్ళిపోవాలని ఆ చెయ్యి ఎంత తొందరపడుతోందో నాకు తెలుస్తోంది. పెన్ను ఎదురుగానే ఉన్నా దొరకడం లేదు.

మా ఆవిడ ఆ పెన్ను తీసుకుంది. ఇస్తుందనుకున్నాను. ఇవ్వలేదు. ఉత్తరం తన వైపు తిప్పుకుని, పొడుగు పరదా మీద కుట్టు తప్పిన చోటు వెతుకుతున్నట్టు పై నుంచి కిందికి వేలు పెట్టుకుంటూ వచ్చింది. ఒక చోట ఆగింది.

"వదినా" అంది.

ఎన్నేళ్ళకో ఆ మాట.

"వదినా, మాఫీ చెయ్యమన్నది వీళ్ళని. మన్నించమన్నది నిన్ను. బ్యాంకుని ఎవరైనా మన్నించమని అడుగుతారా?"

రాసేటప్పుడు ఆవిడ మనసులో ఇది ఉందో లేదో నాకు తెలియదు. నేను తరవాత కూడా అడగలేదు. ఆ వాక్యం ఆమె చేతిలోంచే వచ్చింది, అంత చాలు. "నువ్వు చెప్పిందేంటో నేను సరిగ్గా అడిగి ఉండాల్సింది. అడగలేదు" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్క మరదలి చేతిలోంచి పెన్ను తీసుకుని, ఆ చెయ్యి మాత్రం వదల్లేదు. ఎడమచేత్తో ఆ చెయ్యి పట్టుకునే కుడిచేత్తో ఫారం మీద సంతకం పెట్టింది. మేనేజరమ్మ ఏదో కాగితం వెతుకుతున్నట్టు సొరుగులోకి వంగింది. మంచి మనిషి. నేను కూడా ఏదైనా వెతుక్కుందామంటే నాకు సొరుగు లేదు.

కాసేపటికి మేనేజరమ్మే కదిపింది. ఖాతా నిజంగా మూసెయ్యాలా అని అడిగింది. కనీస నిల్వ అక్కర్లేని ఖాతాగా మార్చుకునే వీలుంది, కావాలంటే ఇద్దరి పేర్లూ అలాగే ఉంటాయి అంది.

"మూసెయ్యండమ్మా" అంది అక్క. "మా మధ్య ఇంక బ్యాంకు దేనికి?"

సరే, పనులు పనుల్లా అయ్యాయి. గుమస్తా పిల్ల మిగిలిన చెక్కులు అడ్డంగా కత్తిరించింది. ఆ పిల్ల వంకరగా కత్తిరిస్తుంటే మా ఆవిడ చూడలేకపోయింది. ఉత్తరం కింద ఖాళీలో అక్క సంతకం పెట్టింది, ఖాతా నంబరు నా చేత వేయించారు. అది ఫారానికి గుచ్చబోతుంటే అక్క అడిగింది, కాపీ తీసి అది మీరుంచుకుని, రాసింది నాకివ్వకూడదా అని. కుదరదమ్మా, రాసిందే ఉండాలి, కాపీ మీకిస్తాను అంది మేనేజరమ్మ. కాపీ చేతికి రాగానే అక్క దాన్ని మళ్ళీ సంచి అడుక్కి చేర్చింది. తేలిన డబ్బు ఎవరి ఖాతాలో వెయ్యాలంటే మరదలిదే చెప్పింది.

లేవబోతూ ఇద్దరూ ఒకేసారి ఆగిపోయారు. ఏమైందా అని చూశాను. మేనేజరమ్మ వెనక కిటికీకి పరదా ఉంది. కిటికీ గట్టుకి జానెడు పైనే ఆగిపోయి, ఎండంతా ఆమె వీపు మీదే పడుతోంది. ఇద్దరూ దాన్ని చూశారు. ఒకరినొకరు చూసుకున్నారు. ముందు మా ఆవిడ పెదవి బిగించుకుంది, తరవాత అక్క భుజాలు కదిలాయి. నవ్వు వచ్చేసింది. ఆ నవ్వే. బ్యాంకు నుంచి ఇంటి దాకా దారంతా నవ్విన నవ్వు. మేనేజరమ్మ కంగారుగా వెనక్కి తిరిగి, అది వేయించినప్పట్నుంచీ అలాగే ఉందండీ అంది.

అక్క మెడలోంచి టేపు తీసి కిటికీ దగ్గరికి నడిచింది. కడ్డీ దగ్గర ఒక కొస పట్టుకోమని నాకు సైగ చేసింది. పట్టుకున్నాను. టేపు కింది దాకా జారవిడిచి, వంగి చదివి, కాగితం మీద రాయబోతూ ఆగింది.

"అంతా కలిపి రాయనా అమ్మాయ్, విడిగా రాయనా?"

"విడిగానే రాయి వదినా" అంది మా ఆవిడ. "కలపాల్సింది నేను కలుపుతాను."